42 లక్షల మిగులు

"42 లక్షల మిగులు కనిపిస్తోంది కదరా, తలా కాస్త డివిడెండ్ ఇవ్వడానికేం?" బాబాయ్ బ్యాలెన్స్ షీట్‌లో ఆ పద్దు మీదే వేలు పెట్టి అడిగారు. మాది ఇంటిల్లిపాదీ వాటాదారులైన చిన్న ప్రైవేట్ లిమిటెడ్, కారప్పొడి మిల్లు.

ఆయన అడిగింది న్యాయమే. అది ఏళ్ల తరబడి పంచుకోకుండా వ్యాపారంలోనే ఉంచిన లాభం, వాటాదారులదే. కానీ అది నోట్ల రూపంలో లేదు. 24 లక్షలు కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలుగా ఉంది. 15 లక్షలు షాపుల నుంచి రావాల్సిన బాకీ. బ్యాంకులో ఉన్నది 3 లక్షలే.

10 లక్షలు ప్రకటిస్తే 5 రోజుల్లో ఆ సొమ్ము విడిగా ఒక బ్యాంకు ఖాతాలో వేయాలి, చట్టం అది. అంటే ఓవర్‌డ్రాఫ్ట్ తీసి, వడ్డీ కడుతూ లాభం పంచుకోవడం. లేదా ధర లేనప్పుడు సరుకు తెగనమ్మడం. రెండూ నాకు ఇష్టం లేదు.

అలాగని ఎప్పటికీ ఇవ్వకపోవడమూ తప్పే. పిన్ని మందుల ఖర్చు ఆ వాటా మీదే ఆధారపడింది.

చివరికి ఇప్పుడు 2 లక్షలు, బాకీలు వసూలయ్యాక మధ్యంతర డివిడెండ్ అనుకున్నాం. రేపటి నుంచి షాపులకు ఫోన్లు చేసే పని నాది.