శనివారం పంక్చర్, ఆదివారం డెలివరీ

మన హాస్టల్ సైకిల్ షెడ్డు గుర్తున్నవాళ్లందరికీ అందులో సగం సైకిళ్లు గాలి లేకుండా నిలబడి ఉండే దృశ్యం కూడా గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆ షెడ్డులోనే ఒక చిన్న ఆదాయం ఉందని చెప్పడానికే ఈ వ్యాసం.

వారమంతా క్లాసులు, ల్యాబులు పోగా శని, ఆదివారాల సాయంత్రాలే మిగిలే విద్యార్థికి ముందుగా తోచేది ఫంక్షన్ హాళ్లలో వడ్డన. ముహూర్తాలున్నన్నాళ్లు డబ్బులు బాగానే వస్తాయి. ఆషాఢంలోనూ మూఢంలోనూ పిలిచేవాడుండడు, పైగా ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ట్యూషనైతే తల్లిదండ్రులు వారం పొడవునా రమ్మంటారు. పంక్చర్లకు ముహూర్తాలతో పని లేదు. క్యాంపస్ దారుల పక్కన పల్లేరు కాయలు, తుమ్మముళ్లు ఉన్నంతకాలం అవి పడుతూనే ఉంటాయి.

సరంజామా కొంచెమే. టైరు లివర్లు రెండు, కాలితో తొక్కిపట్టి కొట్టే పంపు, ప్యాచ్‌లు, సొల్యూషన్, గరుకు కాగితం, ఒక స్పానర్ సెట్టు, బకెట్టు నీళ్లు. ప్యాచ్‌లు కొన్నవే వాడండి. పాత ట్యూబు కత్తిరించి అతికిస్తే ఖర్చు తగ్గుతుంది గానీ అంచులు త్వరగా లేస్తాయి.

చక్రం విప్పే ముందు వాల్వు చూడాలి. పాత రకం సైకిళ్లలో వాల్వు పిన్నుకు సన్నటి రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది. అది చిట్లినా గాలి పోతుంది. వాల్వు మూతి మీద కాస్త ఉమ్ము రాస్తే బుడగ లేస్తుంది, రబ్బరు మారిస్తే పని అయిపోతుంది. దానికి పంక్చర్ డబ్బులు తీసుకోకండి. ఆ ఒక్క నిజాయితీకే పక్క రూములవాళ్లు కూడా వస్తారు.

ట్యూబు బయటికి తీసేటప్పుడు వాల్వు టైరులో ఎక్కడుందో సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. నీళ్లలో ముంచి చిల్లు కనుక్కున్నాక, ఆ గుర్తును బట్టి టైరులో అదే చోట వేళ్లతో మెల్లగా తడిమితే ముల్లు దొరుకుతుంది. దాన్ని తీయకుండా ప్యాచ్ వేసిన ట్యూబు మర్నాటికే మళ్లీ చిల్లు పడుతుంది. చిల్లు కూడా చాలా చెబుతుంది. పక్కపక్కన రెండు గాట్లుంటే ముల్లు కాదు, గాలి తక్కువగా ఉండి గుంతలో ట్యూబు రిమ్ముకు నలిగిందన్నమాట. రిమ్ము వైపు చిల్లుంటే స్పోకు కొసల మీద ఉండాల్సిన పట్టీ జరిగింది, దాన్ని సరిచేయాలి. వాల్వు మొదట్లోనే చిరిగితే ప్యాచ్ నిలవదు, కొత్త ట్యూబే. అప్పుడు టైరు పక్కన అచ్చువేసిన సైజు (26 x 1.95 లాంటిది) రాసుకుని, ట్యూబు డబ్బులు ముందే తీసుకోండి.

ఇక అసలు పని. చిల్లు చుట్టూ ప్యాచ్ కంటే కాస్త ఎక్కువ మేర గరుకు కాగితంతో రుద్ది, అక్కడ అచ్చు గీత ఉంటే దాన్ని చదును చేసి, దుమ్ము తుడిచి, సొల్యూషన్ పలచగా రాసి ఆగాలి. చాలామంది చెడగొట్టేది ఇక్కడే. తడిగా ఉండగానే అంటిస్తే ప్యాచ్ జారుతుంది, రెండు రోజుల్లో అంచు లేస్తుంది. తడి మెరుపు పోయేదాకా, సుమారు 5 నిమిషాలు, వదిలేసి, అప్పుడు ప్యాచ్ పెట్టి మధ్య నుంచి అంచులకు గట్టిగా నొక్కాలి. ఆ 5 నిమిషాల్లో రెండో సైకిల్ చక్రం విప్పుకోవచ్చు.

శనివారం సాయంత్రం సైకిళ్లు తీసుకుని, రూమ్ నంబరు చీటీ కట్టి, ప్యాచ్ వేసి గాలి నింపి రాత్రంతా వదిలేయండి. ఆదివారం సాయంత్రం టైరు నొక్కి చూసి, మెత్తబడితే మళ్లీ విప్పండి, గట్టిగా ఉంటే అప్పగించండి. సన్నగా కారే రెండో చిల్లు ఇలాగే బయటపడుతుంది. వెంటనే చేసిచ్చే బయటి షాపువాడికి ఈ వీలు లేదు.

లెక్క చూద్దాం. పంక్చర్‌కు 40 రూపాయలు, వారానికి 8 అనుకుంటే 320. సామాను ఖర్చు 40 పోతే 280, నాలుగు వారాలకు 1,120 రూపాయలు. బ్రేకు రబ్బర్లు, చైన్ నూనె పని పైన కొంత కలుస్తుంది. పరీక్షల నెలలో తగ్గుతుంది, సెలవుల్లో సున్నా. అందుకే ముందుగా పెద్ద పంపుకో, ఖరీదైన పనిముట్లకో డబ్బు పోయకండి.

వంకర రిమ్ము, ఫ్రీవీల్, పెడల్ ఇరుసు జోలికి పోవద్దు. అవి గేటు బయటి షాపుకు పంపండి, ట్యూబులు అతని దగ్గరే కొనండి. లేకపోతే తన గిరాకీ లాగేసుకుంటున్నారని మొదటి నెలలోనే పేచీ వస్తుంది. షెడ్డులో కూర్చోవడానికి వార్డెన్ అనుమతి కాగితం మీదే తీసుకోండి. సొల్యూషన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి అగరుబత్తి, స్టవ్వు ఉండే రూములో ఉంచకూడదు. మూత బిగించకపోతే వచ్చే శనివారానికి గడ్డకట్టి ఉంటుంది.