ఇంటి పన్ను నోటీసులో నేను ముందు చూసే గడి

హైదరాబాద్‌లో ఇంటి పన్ను నోటీసు చేతికి రాగానే అందరి చూపూ చివరి మొత్తం మీదికే వెళ్తుంది. నేను మాత్రం ముందు బకాయి గడి చూస్తాను. ఏప్రిల్‌లో కడితే వచ్చే 5 శాతం తగ్గింపు చేతికొస్తుందో జారిపోతుందో దాన్ని బట్టే తెలుస్తుంది.

అసలు పన్ను ఎలా తేలిందో ఒక లెక్క చూద్దాం. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటు, సొంత నివాసం. ఆ ప్రాంతానికి బల్దియా ఖరారు చేసిన నెలసరి అద్దె విలువ అడుగుకి రూపాయిన్నర అనుకుందాం. ఇది మీకొచ్చే నిజమైన అద్దె కాదు, అందుకే అంత తక్కువ. నెలకు 1,500, ఏడాదికి 18,000. తరుగు కింద 10 శాతం పోతే 16,200. నెలసరి విలువ 300 దాటింది కాబట్టి 30 శాతం శ్లాబు, అంటే 4,860. దాని మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు కలిస్తే దాదాపు 5,249. మీ లెక్క దీనికి మరీ దూరంగా ఉంటే ముందు విస్తీర్ణం, తర్వాత వాడకం చూడండి. నివాసానికి బదులు వాణిజ్యమని పడితే పన్ను ఒక్కసారిగా ఎగురుతుంది.

ఇప్పుడు బకాయి. పన్ను ఆరేసి నెలలకు రెండు భాగాలు, దేని గడువు దానిదే. గడువు దాటాక నెలకు 2 శాతం వడ్డీ. పోయిన ఏడాదిది అసలు కట్టలేదనుకుందాం. ఈ ఏప్రిల్ నాటికి మొదటి సగం 2,624కు తొమ్మిది నెలల వడ్డీ 472, రెండో సగానికి ఆరు నెలలకు 315. బకాయి, వడ్డీ కలిపి 6,036.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఏప్రిల్ 30లోపు ఈ ఏడాది పన్ను 5,249 కట్టేస్తే 262 మిగులుతుందనుకుంటారు. కానీ తగ్గింపు ఈ ఏడాది పన్నుకే, బకాయికి కాదు. పైగా కట్టిన డబ్బు ముందు పాత బాకీకే జమ అవుతుంది. ఈ ఏడాది పన్ను కట్టనట్టే మిగిలిపోతుంది, తగ్గింపూ పోతుంది. అది కావాలంటే ఆ నెలలోనే 6,036కు 4,987 కలిపి కట్టాలి.

ఒకప్పుడు కట్టేసిన బకాయే మళ్లీ కనిపిస్తే, రసీదు మీది పీటీఐఎన్, అంటే ఆస్తి పన్ను గుర్తింపు నంబరునీ నోటీసు మీది నంబరునీ అంకె అంకె పోల్చండి. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఉన్న పాత నంబరు మీద కట్టిన డబ్బు విడి ఫ్లాటు ఖాతాలో కనిపించదు. రసీదు నకలు జతచేసి సర్కిల్ ఆఫీసులో సర్దుబాటు కోసం అర్జీ ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి.

2024, 2025 మార్చిల్లో బకాయి వడ్డీలో 90 శాతం మాఫీ చేశారు. అసలు మాత్రం రూపాయి తగ్గించలేదు. ఈసారీ మాఫీ వస్తుందని ఆగితే, నెలకు 2 శాతం పెరుగుతూనే ఉంటుంది.