చదివింపుల పుస్తకం, పది మార్కుల జవాబు

సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌కు సోషియాలజీని ఆప్షనల్‌గా తీసుకుని జవాబులు తెలుగులోనే రాయాలని నిర్ణయించుకున్న రోజుల్లో నేను బెంగళూరు విజయనగరలో ఒక చిన్న గదిలో ఉండేదాన్ని. చుట్టుపక్కల కోచింగ్ కేంద్రాలకు కొదవ లేదు కానీ తెలుగులో రాసిన జవాబును దిద్దేవారు మాత్రం దొరకలేదు. చివరకు అనంతపురం వైపు కళాశాలలో పాఠం చెప్పి రిటైరై, ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్న ఒక మాస్టారు బంధువుల ద్వారా పరిచయమయ్యారు. వారానికి రెండు జవాబులు దిద్దుతానన్నారు. ఆయన ఇచ్చిన ప్రశ్నల్లో ఒకదానికి నేను నాలుగుసార్లు జవాబు రాయాల్సి వచ్చింది: "బహిర్గత, గుప్త ప్రకార్యాల మధ్య తేడాను ఒక వివాహం లేదా పండుగ ఆధారంగా వివరించండి. 10 మార్కులు, 150 పదాలు."

మ్యానిఫెస్ట్ ఫంక్షన్‌ను బహిర్గత ప్రకార్యమని, లేటెంట్ ఫంక్షన్‌ను గుప్త ప్రకార్యమని రాయడం నాకు ఆయనే అలవాటు చేశారు. ఈ రెండు మాటలనూ అమెరికన్ సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మర్టన్ 1949లో వచ్చిన తన గ్రంథంలో స్థిరపరిచాడు. ఒక సామాజిక చర్య వల్ల వ్యవస్థ సర్దుబాటుకు తోడ్పడే ఫలితాలు కలిగినప్పుడు, అందులో పాల్గొనేవారు ఉద్దేశించి, గుర్తించిన ఫలితం బహిర్గతం. వారు ఉద్దేశించనిదీ, గుర్తించనిదీ గుప్తం. ఈ నిర్వచనం నాకు కంఠస్థమే. ఉదాహరణ దగ్గరే తప్పాను.

మొదటిసారి మా చిన్నాన్న కూతురి పెళ్ళిని తీసుకున్నాను. ఇద్దరిని దంపతులుగా సమాజం గుర్తించడం బహిర్గత ప్రకార్యమనీ, పెద్ద కల్యాణ మండపం తీసుకుని ఇన్ని రకాల వంటకాలు వడ్డించి హోదా చాటుకోవడం గుప్త ప్రకార్యమనీ రాశాను. పదికి మూడున్నర వచ్చింది. అంచున ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న ఉంది: "మీ చిన్నాన్నకు ఈ సంగతి తెలియదా?"

తెలుసు, బాగా తెలుసు. వియ్యంకుల ముందు తక్కువ కాకూడదని ఆయన నెలల తరబడి అనుకుంటూనే ఉన్నారు. నలుగురిలో బయటికి చెప్పరు, అంతే. చెప్పకుండా దాచుకున్న ఉద్దేశం కూడా ఉద్దేశమే కాబట్టి అది గుప్త ప్రకార్యం కాదు. మనసులోని ఉద్దేశాన్నీ బయట కలిగే ఫలితాన్నీ కలిపేయకూడదన్నదే మర్టన్ ఈ విభజన చేయడానికి ముఖ్య కారణం. నేను సరిగ్గా ఆ రెంటినే కలిపేశాను. "గుప్తం" అన్న తెలుగు మాట కూడా ఇందులో కొంత దారి తప్పిస్తుందని నాకనిపిస్తుంది. అది వినగానే ఎవరో దాచిపెట్టినట్టు తోస్తుంది, కానీ ఇక్కడ దాచినవారంటూ ఎవరూ ఉండరు.

నేను వాదించాను. ఖరీదైన వస్తువులు కొనడం వల్ల హోదా పెరగడమన్న ఆర్థికవేత్త వెబ్లెన్ పరిశీలనను మర్టన్ స్వయంగా గుప్త ప్రకార్యానికి ఉదాహరణగా చూపాడు కదా అన్నాను. మాస్టారు ఒప్పుకున్నారు, కానీ ఆ ఉదాహరణ మీదే తర్వాతి వారు అభ్యంతరం చెప్పారని గుర్తుచేశారు. ఈ రెండు పదాలను ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడుతున్నారని, మర్టన్ వాడుకలోనూ ఆ గందరగోళం ఉందని సమాజశాస్త్రవేత్త కోలిన్ క్యాంప్‌బెల్ 1982లో ఒక వ్యాసమే రాశాడు. "వెబ్లెన్‌ను రాయమ్మా, కానీ ఎవరు గుర్తించలేదో కూడా రాయాలి. అది రాయలేకపోతే ఆ ఉదాహరణను వదిలెయ్" అన్నారు.

రెండోసారి చదివింపులను ఎంచుకున్నాను. ఆ పెళ్ళిలో చదివింపుల బల్ల దగ్గర కూర్చుని పుస్తకం రాసింది నేనే. చేతిరాత బాగుంటుందని నన్ను కూర్చోబెట్టారు. మా పెద్దనాన్న పక్కన నిలబడి మైకులో చదివారు. కొత్త దంపతులకు సాయం చేయడం బహిర్గత ప్రకార్యమనీ, కుటుంబాల మధ్య తిరిగి ఇవ్వాల్సిన బాధ్యతల లెక్క ఏర్పడడం గుప్త ప్రకార్యమనీ రాశాను. ఈసారి జవాబు ఇచ్చే ముందే అమ్మకు ఫోన్ చేసి అడిగాను. అమ్మ ఆశ్చర్యపోయింది: "ఆ పుస్తకం దాచేదే అందుకు కదమ్మా! అక్క పెళ్ళికి మీ చిన్నాన్న అయిదు వందల పదహారు చదివించాడు. అది చూసుకునే కదా మనం ఇప్పుడు వెయ్యి నూట పదహారు చదివించింది."

కాబట్టి అదీ బహిర్గతమే. పెళ్ళిలో ఇంకొక సంబంధం కుదరడాన్ని రాద్దామా అనుకున్నాను, కానీ ఈడొచ్చిన పిల్లలున్న తల్లిదండ్రులు పెళ్ళిళ్ళకు ఆ ఆశతో కూడా వెళ్తారు. మూడోసారి అదే రాసి నాలుగున్నర మార్కులతో సరిపెట్టుకున్నాను. బయటివాళ్ళకు తెలియనివన్నీ గుప్తమని నేను అనుకుంటున్నానని అప్పుడు అర్థమైంది. నిర్వచనం అడుగుతున్నది పాల్గొనేవారికి తెలుసా లేదా అని.

ఆ తర్వాత జవాబు రాయడం ఆపి, ఆ రోజు బల్ల దగ్గర ఏం జరిగిందో వరుసగా గుర్తుచేసుకుంటూ కాగితం మీద పెట్టాను. పెద్దనాన్న ఉత్త పేరూ రూపాయలూ చదివి ఊరుకోలేదు. "హిందూపురం నుంచి పెళ్ళికూతురి మేనత్త కొడుకు, ఫలానా వారు, వెయ్యి నూట పదహారు రూపాయలు" అని ఊరితో, వరసతో కలిపి చదివారు. ఒకే పేరున్నవారు ఇద్దరు ముగ్గురు ఉంటే లెక్క తప్పకూడదని అలా చదవడం. నా పక్కన బెంగళూరులోనే పుట్టి పెరిగిన, పద్నాలుగేళ్ళ మా అన్న కొడుకు కవర్లు అందిస్తున్నాడు. ఒక్కో పేరు చదివినప్పుడల్లా "అత్తా, ఆయన మనకేమవుతారు?" అని అడుగుతూ ఉన్నాడు. సాయంత్రానికి వాడు అప్పటిదాకా అంకుల్ అన్నవారిలో ఇద్దరిని మామయ్య అని, ఒకరిని చిన్నతాతా అని పిలిచాడు. హిందూపురం చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి ఈ నగరంలో తలొక వైపు స్థిరపడిన కుటుంబాలకు, తమ బంధువర్గం ఎంతవరకు విస్తరించి ఉందో ఒక గంటపాటు గట్టిగా వినిపించే సందర్భం అదొక్కటే.

ఇది ఎవరైనా ఉద్దేశించారా అని తెలుసుకోవడానికి ముగ్గురిని, జవాబు నోటికి అందించకుండా, ఒకే ప్రశ్న అడిగాను: మైకులో ఎందుకు చదువుతారు? పెద్దనాన్న, లెక్కలో తేడా రాకుండా అన్నారు. చిన్నాన్న, ఇచ్చినవారికి గౌరవం అన్నారు. అమ్మ, ఎప్పటి నుంచో ఉన్నదే కదా అంది. పిల్లలకు వరసలు తెలుస్తాయని ఒక్కరూ అనలేదు. ముగ్గురిని అడగడం పరిశోధన అనిపించుకోదు, కానీ ఉదాహరణను పరీక్షించడానికి నాకది చాలింది. మర్టన్ చెప్పిన, అమెరికా ఆదివాసులైన హోపీ తెగవారి వాన క్రతువులోనూ ఇదే నిర్మాణం ఉందని అప్పుడు చూడగలిగాను: వారు చేసేది వాన కోసం, చెదిరి ఉన్నవారు ఒకచోట చేరి ఒకే పనిలో పాల్గొనడం వల్ల సమూహ భావం బలపడడం వారు ఉద్దేశించని ఫలితం.

అదే మైకు చేసిన ఇంకొక పని కూడా గుర్తొచ్చింది. నాకు దూరపు వరసలో పిన్ని అయ్యే ఒకావిడ ముహూర్తానికి వచ్చి, భోజనానికి ముందే, చదివింపులు మొదలవుతుండగా వెళ్ళిపోయింది. పుస్తకంలో ఆమె పేరు లేదు. తర్వాత కలిసినప్పుడు, నూట పదహారు అని అందరూ వింటుంటే చదివించుకోలేకపోయానని నాతో అంది. బంధువులను దగ్గర చేసే పద్ధతే తక్కువ ఇవ్వగలిగిన బంధువును బయటికి నెట్టింది. వ్యవస్థకు హాని చేసే ఇలాంటి ఫలితాన్ని మర్టన్ డిస్‌ఫంక్షన్ అన్నాడు. తెలుగులో అపప్రకార్యం అని రాశాను. ఇది కూడా గుప్తమే, ఎందుకంటే పెద్దనాన్న ఎవరినీ చిన్నబుచ్చాలనుకోలేదు, అలా జరిగిందని ఆయనకు తెలియదు కూడా. ప్రకార్యం అని రాసినప్పుడు ఎవరికి అన్నది రాయకపోతే జవాబు సగమే అవుతుందని మాస్టారు అంతకుముందు ఎన్నోసార్లు చెప్పిన మాట ఆవిడ వల్లనే నాకు పట్టుబడింది.

మూడు గంటల్లో 250 మార్కులు రాయాలంటే పది మార్కుల ప్రశ్నకు దక్కేది ఏడు నిమిషాలు. నాలుగో జవాబును గడియారం ముందు పెట్టుకుని ఇలా రాశాను:

"మర్టన్ (1949) ప్రకారం పాల్గొనేవారు ఉద్దేశించి, గుర్తించిన ఫలితం బహిర్గత ప్రకార్యం, ఉద్దేశించనిదీ, గుర్తించనిదీ గుప్త ప్రకార్యం. ఇక్కడ ప్రమాణం ఫలితమే తప్ప దాచుకున్న ఉద్దేశం కాదు.

బెంగళూరులోని ఒక తెలుగు పెళ్ళిలో చదివింపులను చూద్దాం. దంపతులకు సాయం, తిరిగి ఇవ్వడానికి లెక్క, ఇచ్చినవారికి గౌరవం: ఈ మూడూ ఆతిథేయులకు తెలిసినవే కాబట్టి బహిర్గతం. లెక్క కోసం పేరును ఊరితో, వరసతో కలిపి మైకులో చదవడం వల్ల, వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు బంధువర్గం పరిచయమవుతుంది. దీనిని ఎవరూ ఉద్దేశించలేదు, అడిగినా చెప్పలేదు; బంధువర్గానికి ఇది గుప్త ప్రకార్యం. తక్కువ ఇవ్వగలిగినవారు మైకులో చదువుతారని జంకి తప్పుకోవడం అదే బంధువర్గానికి గుప్త అపప్రకార్యం.

అయితే ఒకరికి గుప్తమైనది మరొకరికి తెలిసి ఉండవచ్చు. కాబట్టి ఎవరు గుర్తించారన్నది చెప్పకుండా ఈ విభజన నిలవదు. క్యాంప్‌బెల్ (1982) విమర్శ కూడా పదాల అస్పష్టత మీదే."

ఆరున్నర వచ్చింది. హోపీ క్రతువును ఒక్క వాక్యంలో జోడించి ఉంటే ఇంకొక అర మార్కు ఇచ్చేవాడినన్నారు. నేను పదాల లెక్క చూసుకుని దాన్ని వదిలేశాను. ఇప్పుడైతే మూడు బహిర్గత ప్రకార్యాలను రెండుకు తగ్గించి దానికి చోటు ఇస్తాను.

పిన్ని సంగతిని, ఆమె పేరు చెప్పకుండా, అమ్మతో అన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చిన్నాన్న రెండో కూతురి పెళ్ళిలో చదివింపుల బల్ల దగ్గర మైకు పెట్టనివ్వలేదు. పుస్తకం మళ్ళీ నేనే రాశాను. పిన్ని భోజనం దాకా ఉంది, నూట పదహారు తనే వచ్చి రాయించుకుంది. ఆ రోజు మా అన్న కొడుకు కవర్లు అందిస్తూ ఎవరి గురించీ ఏమీ అడగలేదు, ఎందుకంటే వాడికి వినిపించిన పేరంటూ ఏదీ లేదు.