చివరి క్లాసులో మా లెక్కల సారు చెప్పింది

ఎంసెట్‌కి వారం ముందు మా ట్యూషన్ బ్యాచ్‌కి చివరి రోజు. పేరు ఈఏపీసెట్‌గా మారినా మా ఊళ్లో ఇంకా అందరూ ఎంసెట్ అనే అంటారు. సారు ఆ రోజు కొత్త లెక్క ఏదీ చెప్పలేదు. బోర్డు మీద 180 అని రాసి, "ఇక మీకు మిగిలిన సిలబస్ ఇదేరా" అన్నారు. మూడు గంటలు, 160 ప్రశ్నలు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40.

తెరపై ముందు లెక్కలే కనిపిస్తాయి. మేమంతా అక్కడే మొదలుపెట్టి, మాక్ టెస్టుల్లో కెమిస్ట్రీకి వచ్చేసరికి టైం చాలక కంగారు పడేవాళ్లం. అందుకే సారు వరుస తిప్పేశారు. కెమిస్ట్రీకి 30 నిమిషాలు, ఫిజిక్స్‌కి 45, లెక్కలకి 95. చివరి పది నిమిషాలు దేనికీ ఇవ్వొద్దన్నారు.

లెక్కల్లో ప్రతిదీ మొదటి నుంచి చెయ్యక్కర్లేదని ఒక ఉదాహరణ చూపించారు. 1·2 + 2·3 + … + n(n+1) మొత్తం ఎంత అని అడిగారనుకోండి. n = 1 పెడితే మొత్తం 2. ఆప్షన్లలో n(n+1) ఉంటే దానికీ 2 వస్తుంది, n(n+1)(n+2)/3 కీ 2 వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగి తప్పు పెడతారట. n = 2 కూడా పెట్టి చూడాలి. అసలు మొత్తం 2 + 6 = 8. మొదటి ఆప్షన్‌కి 6 వస్తుంది, రెండోదానికి 8. అర నిమిషంలో తేలిపోతుంది.

తర్వాత నా వైపు తిరిగారు. అంతకుముందు మాక్‌లో నాకు తొమ్మిది జవాబులు పోయాయి. ఆప్షన్ పెట్టి, Save & Next నొక్కకుండా, పక్కనున్న ప్రశ్న నంబరు నొక్కి వెళ్లిపోయేదాన్ని. అలా వెళ్తే జవాబు సేవ్ కాదు. ఆ నంబరు ఆకుపచ్చగా మారదు, ఎర్రగానే ఉండిపోతుంది. "చివరి పది నిమిషాలు దీనికేనమ్మా. ఎర్రవన్నీ ఒక్కొక్కటీ తెరిచి చూడు" అన్నారు.

నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి తెలియనిది కూడా ఖాళీగా వదలొద్దన్నారు. ఇరవై ప్రశ్నలు మిగిలితే, నాలుగు ఆప్షన్లలో ఊహించి పెట్టినా సగటున ఐదు కలుస్తాయి. ఒక్కోసారి రెండే రావచ్చు, అయినా వదిలేస్తే వచ్చేది సున్నాయే. ముందు తప్పని తెలిసిన ఆప్షన్లు కొట్టేసి, మిగిలినవాటిలో పెట్టమన్నారు.

వెళ్లేటప్పుడు అందరి హాల్‌టికెట్లూ తీసుకుని, సెంటర్ పేరు, సెషన్ టైం ఆయనే పైకి చదివి వినిపించారు. నిమిషం లేటైనా లోపలికి రానివ్వరు కాబట్టి ముందురోజే సెంటర్ చూసి రమ్మన్నారు. ఆయన గొంతు కాస్త వణికింది. మాలో ఇద్దరు ఏడ్చేశారు.

పరీక్షలో నాకు లెక్కలు అనుకున్నదానికన్నా ఆలస్యమయ్యాయి, చివరికి ఏడు నిమిషాలే మిగిలాయి. నంబర్లు చూస్తే పద్నాలుగు ఎర్రగా ఉన్నాయి. తెరిచి చూస్తే అందులో మూడు నేను చేసినవే, రఫ్ పేపర్ మీద జవాబులు కూడా ఉన్నాయి.