పండితారాధ్యుడి కళ్ళు: నల్లమల దారిలో సోమనాథుణ్ణి చదువుతూ

శివరాత్రికి శ్రీశైలం బస్సులో వెళ్ళడం నాకు అలవాటే. ఈసారి ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి అడవిలో నడిచి వెళ్ళాను. నాగలూటి, పెద్దచెరువు, మఠం బావి, భీముని కొలను, కైలాసద్వారం. పాతకాలపు యాత్రికుల దారి ఇది. సంచిలో నీళ్ళ సీసాలు, అటుకులు, ఒక జత బట్టలతో పాటు పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలోంచి జిరాక్స్ తీయించిన కాగితాలు పెట్టుకున్నాను. ఆ ద్విపద కావ్యంలో ఐదు ప్రకరణాలున్నాయి. చివరిదైన పర్వత ప్రకరణం అంతా శ్రీశైలం గురించే. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటి శివరాత్రి యాత్రను, ఇప్పటి యాత్రలో నడుస్తూ చదవాలని కోరిక.

దారిలో చదవడం మాత్రం పెద్దగా కుదరలేదు. రాళ్ళ మీద కన్ను తీస్తే కాలు మడత పడుతుంది. కావ్యం తెరిచింది పెద్దచెరువు దగ్గర రాత్రి ఆగినప్పుడే. పక్కన కర్నూలు వైపు నుంచి వచ్చిన శివదీక్ష బృందం ఒకటి ఉంది. అందులో పెద్దాయన ఒకరు నా కాగితాలు చూసి, "పండితారాధ్యుల కథనా? చెప్తా విను స్వామీ," అని మొదలుపెట్టారు. దీక్షలో లేని నన్ను కూడా స్వామీ అనే పిలిచారు. చదివి చెప్పడం కాదు, ఆయనకు నోటికి వచ్చు.

కథ ఇదీ. మల్లికార్జున పండితారాధ్యుడు 12వ శతాబ్దపు శైవ గురువు, బసవన్న కాలం వాడు. వెలనాటి చోడరాజు కొలువున్న చందవోలుకు వెళ్ళాడు. ఆ సభలో ఒక బౌద్ధ ఆచార్యుడున్నాడు. వాదం జరిగింది, పండితుడు గెలిచాడు. ఆ తర్వాత పండితుడి శిష్యులు ఆ బౌద్ధుణ్ణి చంపేశారు. రాజు కోపంతో పండితుడి కళ్ళు పీకించాడు. శివుడి దయతో కళ్ళు మళ్ళీ వచ్చాయి. పండితుడు రాజును, రాజ్యాన్ని శపించి బయలుదేరాడు. బసవన్నను చూడాలని కల్యాణ నగరం వైపు వెళ్తూంటే దారిలో బసవన్న లింగైక్యం చెందాడని తెలిసింది. దుఃఖంతో శ్రీశైలం వచ్చి, తానూ శివరాత్రి నాడు లింగైక్యం చెందాడు.

పెద్దాయన కళ్ళు తిరిగొచ్చిన చోట చేతులు జోడించారు. చుట్టూ ఉన్నవాళ్ళూ జోడించారు. నేనూ జోడించాను. ఆ తర్వాత టార్చి వెలుగులో అదే భాగం చదువుకుంటూ చాలాసేపు నిద్రపోలేదు.

కళ్ళు వచ్చాయా రాలేదా అన్న ప్రశ్న దగ్గర చరిత్రకు పని లేదు. కథలో ఏ ముక్క మహిమకు అవసరం, ఏ ముక్క అవసరం లేదు అన్నది చూడాలి. అవసరమైన ముక్కలు సాధారణంగా ఎక్కడినుంచో అరువు వచ్చినవై ఉంటాయి. కన్నప్ప తన కళ్ళు శివుడికి పెట్టి తిరిగి పొందాడు. నాయనార్లనే తమిళ శివభక్తుల్లో సుందరమూర్తి చూపు పోగొట్టుకుని మళ్ళీ పొందాడు. సోమనాథుడికీ, ఆయన శ్రోతలకూ ఈ కథలు కంఠతా వచ్చు. ఒక శైవ గురువు హింస పడ్డాడంటే, ఆ హింస కళ్ళ రూపంలో రావడం ఆ సంప్రదాయంలో సహజం. కాబట్టి రాజు నిజంగానే కళ్ళు తీయించాడా, పండితుడికి ఇంకేదైనా అవమానం జరిగిందా, అసలేమీ జరగలేదా అన్నది ఈ ముక్కతో తేల్చలేం.

శాపం సంగతీ అంతే. సోమనాథుడు రాసింది 13వ శతాబ్దం మొదట్లో అని కొందరు, చివర్లో అని కొందరు. ఎవరి మాట తీసుకున్నా ఆయన రాసేనాటికి వెలనాటి చోళుల వైభవం ముగిసిపోయింది. 13వ శతాబ్దం తొలి దశకాల్లోనే కాకతి గణపతిదేవుడు ఆ తీరప్రాంతాన్ని తన కిందికి తెచ్చుకున్నాడు. చందవోలు పాడుబడటం జనానికి తెలిసిన విషయం, దానికొక కారణం కావాలి. జరిగిపోయినదాన్ని శాపంగా వెనక్కి తీసుకెళ్ళి పెట్టడం స్థలపురాణాలన్నీ చేసే పనే. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న ఆ ఊరికి వెళ్తే లింగోద్భవస్వామి గుడి, మిగతా ఊరంతా పొలాలూ కనిపిస్తాయి. అక్కడ ఒకప్పుడు ఒక పెద్ద రాజధాని ఉండేదంటే నమ్మడం కష్టం.

మరి బౌద్ధుడు? కళ్ళు తిరిగి రావడానికి బౌద్ధుడే ఎందుకు? ప్రతివాది జైనుడైనా, వైష్ణవుడైనా, అద్వైతి అయినా కథకు లోటు లేదు. శైవ కథల్లో జైనులైతే కొల్లలుగా ఉన్నారు. అక్కడ నాకు ఆసక్తి మొదలైంది. బౌద్ధం ఆంధ్రదేశంలో ఏనాడో ఇక్ష్వాకులతో పోయిందని బళ్ళో చదువుకున్నాం. 12వ శతాబ్దంలో కృష్ణా తీరపు రాజసభలో బౌద్ధ ఆచార్యుడా? ఇక్కడ సోమనాథుడితో ఏ సంబంధమూ లేని సాక్షి ఒకటి దొరుకుతుంది. అమరావతిలో కోట వంశపు కేతరాజు 1182లో వేయించిన శాసనం బుద్ధుడి చైత్యాన్ని పేర్కొని, బుద్ధుడికి ఇచ్చిన దానాలు చెబుతుంది. విచిత్రం ఏమిటంటే, ఆ శాసనం ఉన్నది అమరేశ్వరుడి గుడిలోని స్తంభం మీద. అంటే పండితుడి కాలంలో, ఆ ప్రాంతంలోనే, బుద్ధుడికి పూజ జరుగుతూ ఉంది, శివుడి గుడి ఉన్న ఊళ్ళోనే ఒక రాజు దానికి దానం ఇస్తున్నాడు. ఆ వాదం జరిగిందని దీనితో రుజువు కాదు. అలాంటి బౌద్ధుడు ఒకడు ఆ సభలో ఉండటానికి వీలుందని మాత్రం తెలుస్తుంది. నాకు అది తక్కువేమీ అనిపించలేదు.

ఇంకొకటి, ఆ హత్య. గురువు వాదంలో గెలిచాక కూడా శిష్యులు ప్రతివాదిని చంపారని భక్తుడైన కవే రాస్తున్నాడు. మనలాంటి పాఠకుడు ఇక్కడ "ఇంత ఇబ్బందికరమైన విషయం కల్పించి రాయడు, కాబట్టి నిజం" అనుకునే ప్రమాదం ఉంది. ఇబ్బంది మనకు. సోమనాథుడికి ఏ ఇబ్బందీ లేదు, శివనింద చేసినవాణ్ణి చంపడం ఆయన దృష్టిలో వీరభక్తి. అందుకని ఆ హత్య జరిగిందని ఒప్పుకోను. అలాంటి హత్యను మెచ్చుకునే శ్రోతలు ఆయన ముందు ఉన్నారని మాత్రం గట్టిగా ఒప్పుకుంటాను.

మర్నాడు భీముని కొలను లోయలోకి దిగి, మళ్ళీ అటువైపు ఎక్కేటప్పుడు అందరి మాటలూ ఆగిపోయాయి. ఆ ఎక్కుడు అలాంటిది. కొండవీటి ప్రోలయవేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడన్న కీర్తి ఎందుకంతగా నిలిచిపోయిందో మోకాళ్ళకు అర్థమైంది. పైకి చేరి మజ్జిగ తాగుతూ నా రాత్రి ఆలోచనలు పెద్దాయనకు చెప్పాను. ఆయనకు కోపం రాలేదు. "అయితే కవి చెప్తే నమ్మవు, రాయి మీద చెక్కితే నమ్ముతావు. అంతేనా?" అన్నారు.

మంచి దెబ్బ. ఎందుకంటే రాయి కూడా మహిమలు చెబుతుంది. కర్ణాటకలో హావేరి వైపు అబ్లూరు సోమేశ్వరాలయంలో సుమారు 1200 నాటి కన్నడ శాసనం ఉంది. ఏకాంతద రామయ్య అనే శివభక్తుడు జైనులతో పందెం కాసి, తన తల తాను నరుక్కుని, ఏడు రోజుల తర్వాత తిరిగి పొందాడని, కల్యాణాన్ని ఏలిన బిజ్జల రాజు ఆయనకు జయపత్రం ఇచ్చాడని, తర్వాత చాళుక్య సోమేశ్వరుడు ఆ గుడికి ఒక ఊరిని దానం చేశాడని అందులో ఉంది. తల అతుక్కున్న సంగతి, ఊరి దానం సంగతి, రెండూ ఒకే రాతి మీద, ఒకే నమ్మకంతో చెక్కి ఉన్నాయి. దానాన్ని ఒప్పుకుంటాం, ఎందుకంటే దానికి భూమి ఉంది, అనుభవించేవాళ్ళున్నారు, అబద్ధమైతే గొడవ పెట్టుకునేవాళ్ళు ఉంటారు. తలకు అలాంటి కాపలా లేదు.

ఇదే రామయ్య కథ సోమనాథుడి బసవపురాణంలోనూ ఉంది. అయితే అబ్లూరు శాసనంలో బసవన్న పేరే లేదు. బసవన్న చుట్టూ ఉద్యమం పెరిగేకొద్దీ, వేరువేరుగా ఉన్న భక్తుల కథలన్నీ ఒకే గూటికి చేరాయని అనుమానించడానికి ఇదొక మంచి ఆధారం. రాయి అయినా, కావ్యం అయినా, రెండు ప్రతులు పక్కపక్కన పెడితేనే కథ ఎటు జరిగిందో తెలుస్తుంది. ఇదంతా చెప్పేసరికి పెద్దాయన రెండో గ్లాసు మజ్జిగ ముగించి, "బిజ్జలుడి కాలంలో కూడా రుజువులు అడిగినారన్నమాట," అన్నారు. జయపత్రం గురించి నేను అలా ఎప్పుడూ ఆలోచించలేదు.

కైలాసద్వారం దాటాక అడవి అయిపోయి జనం మొదలయ్యారు. హాటకేశ్వరం ఎలా దాటానో గుర్తులేదు. గుడిలో క్యూలో గంటల తరబడి నిలబడ్డాక వీరశిరోమండపం దగ్గరికి వచ్చాం. నాకు చూడాలని ఉన్నది అదే, వెనకనుంచి తోపులాటలో నిమిషం కూడా నిలవనివ్వలేదు.

పర్వత ప్రకరణంలో ఒళ్ళు గగుర్పొడిచే వర్ణనలున్నాయి. మొక్కుకున్న భక్తులు నాలుకలు కోసుకుంటారు, అవయవాలు నరుక్కుంటారు, తలలు ఇచ్చేస్తారు. మొదట చదివినప్పుడు ఇది కవి అతిశయోక్తి, వీరభక్తిని పెంచి చెప్పడం అనుకునే వీలుంది. కానీ శకం 1299లో, అంటే 1377లో, కొండవీటి అనవేమారెడ్డి ఈ మండపం కట్టించి వేయించిన శాసనం చెప్పేదీ అదే. ఇక్కడ కొంగ వీరులనే భక్తులు సాహసంతో తలలు, నాలుకలు కోసుకుని, వెంటనే దివ్యశరీరాలు పొందుతారట. దివ్యశరీరాల సంగతి అబ్లూరు తల లాంటిదే, పక్కన పెడదాం. కోసుకోవడానికి ఒక రాజు ఖర్చు పెట్టి మండపం కట్టించాడు, దానికి ఆ పేరే పెట్టాడు. వాడుక లేని ఆచారానికి ఎవరూ మండపం కట్టరు. సోమనాథుడి భయంకరమైన మాటల్లో ఎక్కువగా నమ్మదగినవి అవే అని తేలడం నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. ఆ చోట కొబ్బరిచిప్పలూ పూలూ తొక్కుకుంటూ ముందుకు నడిచాను.

జాగరణ రాత్రి ముఖమండపం బయట కూర్చున్నాం. లింగోద్భవ వేళ దీపాలార్పి గుడికి పాగా చుడుతున్నారు. ఒకవైపు కన్నడ భక్తులు వచనాలు పాడుతున్నారు, ఇంకోవైపు తెలుగు భజన. సోమనాథుడు కూడా ఇలాంటి రాత్రినే వర్ణించాడు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు పాడేవాళ్ళను పేరుపేరునా చెబుతాడు. బొమ్మలాటలు, నాటకాలు ఆడేవాళ్ళనూ చెబుతాడు. భక్తుల సంఖ్యలు పెంచినా, పాటల పేర్లు కల్పించాల్సిన అవసరం ఆయనకు లేదు. వినేవాళ్ళకు ఆ పాటలు తెలుసు. ఆ పదాల్లో చాలావాటి గురించి మనకు మొట్టమొదట తెలిసింది ఈ జాబితా వల్లే. ఒక మహిమ కథ చివర, కవి దాదాపు పరాకుగా, ఆనాటి జానపదుల పాటల పట్టీ రాసిపెట్టాడు.

నిద్ర ఆపుకోవడానికి పెద్దాయనతో మళ్ళీ వాదం పెట్టుకున్నాను. పండితారాధ్యుడు సరిగ్గా శివరాత్రి నాడే పోయాడన్నది నాకు అనుమానమే, భక్తుల మరణాలన్నీ పండగ రోజుల్లోనే ఎలా పడతాయి అన్నాను.

"నీకు అనుమానం లేని తేదీ ఒకటన్నా ఉందా నాయనా?" అన్నారు. రెండు రోజుల్లో స్వామి నుంచి నాయనలోకి దిగాను.

"ఉంది. శకం 1299. పొద్దున మనల్ని నిలవనియ్యలేదు చూడండి, ఆ మండపం."

"సరే, జనం తగ్గినాక పోయి చూద్దాం పా," అని లేచారు.