పెన్షన్ ఫైలు ఆగింది ఫారాల దగ్గర కాదు

నేను రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగంలో 1990లో చేరి, 2024 జూన్ 30న రిటైరయ్యాను. పెన్షన్ కాగితాలు రిటైర్మెంటుకు ఆరు నెలల ముందే పెన్షన్ మంజూరు చేసే ఏజీ, అంటే అకౌంటెంట్ జనరల్, ఆఫీసుకు చేరాలని రూలు. నేను 2023 అక్టోబరులోనే ఫారాలన్నీ నింపి, నేనూ మా ఆవిడా కలిసి దిగిన ఫొటోలు జతచేసి ఇచ్చేశాను. ఇంక మనకేం పని అనుకున్నాను.

వారానికే మా సెక్షన్ గుమస్తా పిలిచాడు. "సార్, మీ ఎస్సార్‌లో 1997–98కి వెరిఫికేషన్ సంతకం లేదు."

ఎస్సార్ అంటే సర్వీస్ రిజిస్టర్. ఏ ఏటికాయేడు, జీతాల బిల్లులతో సరిచూసి "సర్వీసు వెరిఫై చేయబడినది" అని ఆఫీసరు రాసి సంతకం పెట్టాలి. ఆ ఏడాది నేను డిప్యుటేషన్ మీద వేరే ఆఫీసులో ఉన్నాను, జీతం అక్కడే తీసుకున్నాను. తిరిగొచ్చాక ఎవరూ ఆ పేజీ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. ముప్ఫై మూడేళ్లు నిండితే ఫుల్ పెన్షనే కదా, నాకు ముప్ఫై నాలుగు ఉన్నాయి, ఒక్క ఏడాది పోతే ఏమవుతుంది అన్నాను. "పోదు సార్, ఫైలే వెనక్కొస్తుంది" అన్నాడు.

పాత ఆఫీసుకు రెండుసార్లు వెళ్లాను. మూడోసారి రికార్డు రూములో కట్టలు విప్పుతుంటే ఆ ఏటి జీతాల రిజిస్టరు దొరికింది. అంచులు చెదలు తినేసినా, రెవెన్యూ స్టాంపు మీద నా సంతకం మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని చూసి అక్కడి ఆఫీసరు సర్టిఫికెట్ ఇచ్చారు, మా ఆఫీసరు ఎస్సార్‌లో ఎక్కించారు. ఒక్క సంతకానికి రెండు నెలలు!

రెండో చిక్కు మా ఆవిడ పేరు. ఎస్సార్‌లో సుబ్బలక్ష్మి, ఆధార్‌లో వెంకట సుబ్బలక్ష్మి. నేను పోయాక ఫ్యామిలీ పెన్షన్ ఆమెకే రావాలి కాబట్టి నేను బతికుండగానే దిద్దించాలనుకున్నాను. అర్జీ, ఆధార్ జిరాక్స్, ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ ఇస్తే ఆ మార్పును కుటుంబ వివరాల ఫారంలోనూ ఎస్సార్‌లోనూ నమోదు చేశారు. బ్యాంకు పాస్‌బుక్కులో కూడా అదే పేరుండేట్టు చూసుకున్నాను.

ఫైలు డిసెంబరు ఆఖరుకి వెళ్లింది, పీపీవో, అంటే పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు, మే నెలలో వచ్చింది. మిగిలింది నో డ్యూస్, అంటే బాకీలేమీ లేవనే కాగితం, ఒకటి. ఇంటి అప్పు ఎప్పుడో తీరింది కానీ, తీరినట్టు కాగితం లేదు. అది తెచ్చిచ్చాక, చివరి జీతం పడిన వెంటనే ఎల్పీసీ, అంటే ఆఖరి జీతం సర్టిఫికెట్, చేతికి తీసుకున్నాను. జులై మొదటివారంలో దాన్ని, పీపీవో కాపీని, ఆధార్, పాన్, పాస్‌బుక్కును పట్టుకుని ట్రెజరీకి వెళ్లి కనిపించాను. వేలిముద్ర, సంతకం తీసుకున్నారు.

జులై పెన్షన్ ఆగస్టులో పడింది. నాతో అదే రోజు రిటైరైన మిత్రుడి ఎస్సార్‌లో రెండు ఇంక్రిమెంట్లకు ఎంట్రీలు లేవట. ఆ ఏడాది దసరా దాటినా ఆయన ఫైలు ఇంకా తిరుగుతూనే ఉండింది.