పసుపెక్కిన తెల్ల ఉంగరం

పెళ్లయి ఏడాదిన్నర. నా వైట్ గోల్డ్ ఉంగరం అరచేతి వైపు పసుపుగా కనబడేసరికి మోసపోయామనే అనుకున్నా. అమలాపురంలో మాకు తెలిసిన కంసాలి గారికి చూపిస్తే నవ్వేశారు. "బంగారం తప్పేం లేదమ్మా, పైన పూత పోయిందంతే."

18 క్యారెట్ అంటే ముప్పావు వంతు బంగారమే. పల్లాడియమో నికెలో కలిపినా లేత పసుపు ఛాయ ఉండిపోతుందట. ఆ తెల్లటి మెరుపంతా పైనున్న రోడియం పూతదే. గట్టి లోహమే గానీ, పూత మందం మామూలుగా ఒక మైక్రాన్ లోపే. కొబ్బరి పీచుతో గిన్నెలు తోమే చేతికి అదెంత! అందుకే రాపిడి తగిలే అరచేతి వైపు ముందు పోయింది. రాయి చుట్టూ ఇంకా తెల్లగానే ఉంది.

ఉంగరానికి పాలిష్ పట్టి, శుభ్రంగా కడిగి, రోడియం ద్రావణంలో ముంచి కరెంటు పెట్టారు. కాసేపటికే మళ్లీ తెల్లబడింది. రోజూ పెట్టుకునే ఉంగరానికి ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి చాలట. ఊరికే వేయించొద్దన్నారు, పాలిష్ పట్టిన ప్రతిసారీ కాస్త బంగారం కూడా అరుగుతుంది. చెవిదుద్దులకైతే ఇంకా చాలా కాలం నిలుస్తుంది, వాటికి రాపిడెక్కడిది?

ఇప్పుడు గిన్నెలు తోమే ముందు తీసి పోపుల డబ్బా పక్కన పెడుతున్నా. తర్వాత ఎక్కడ పెట్టానో వెతుక్కోవడం ఇంకో టెన్షన్!